తోబుట్టువుల నిరభ్యంతర ప్రమాణ పత్రం: కొర్లగుంట ఇంటి పన్ను పేరు మార్పు కోసం

రూ. 100 నాన్ జ్యుడీషియల్ స్టాంపు కాగితం మీద
తిరుపతి, తేదీ 18-08-2025

తిరుపతి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, రెవెన్యూ విభాగం ద్వారా

ప్రమాణం చేస్తున్నవారు:

శ్రీమతి కె. గోవిందమ్మ, భర్త సుధాకర్, వయస్సు 61, గృహిణి, నివాసం గిరింపేట, చిత్తూరు.
శ్రీ పి. మురళి, తండ్రి కీ.శే. మునిరత్నం, వయస్సు 58, ప్రైవేటు ఉద్యోగి, నివాసం కె.ఆర్.పురం, బెంగళూరు.
శ్రీమతి ఎన్. రేణుక, భర్త దామోదరం, వయస్సు 50, ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని, నివాసం శ్రీకాళహస్తి.

మేము ముగ్గురం కలిసి దైవసాక్షిగా ప్రమాణం చేసి చెప్పుకుంటున్నది:

1. మేము కీ.శే. పి. మునిరత్నం, కీ.శే. పి. చెంగమ్మ దంపతుల పిల్లలం. మాకు మరొక సోదరుడు శ్రీ పి. గంగాధరం, వయస్సు 54. ఈ కాగితం ఆయన పెట్టుకున్న దరఖాస్తుకు మద్దతుగా ఇస్తున్నాం. మేము మొత్తం నలుగురమే. మాలో ముందే చనిపోయినవారు గానీ, మా నాన్నకు వేరే భార్య, వేరే సంతానం, దత్తత పిల్లలు గానీ లేరు. తిరుపతి అర్బన్ తహశీల్దార్ గారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం నకలు జతచేశాం. గోవిందమ్మ, రేణుకల ఆధార్ కార్డుల్లో అత్తగారింటి పేరు ఉంది, ధ్రువపత్రంలో పుట్టింటి పేరు ఉంది. రెండు చోట్లా ఉన్నది ఒకే మనుషులు.

2. కింద షెడ్యూలులో చూపిన ఇంటి స్థలం మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసిన ఉద్యోగపు జీతంతో కొన్నది. తిరుపతి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో 1991లో 1846 నంబరుగా రిజిస్టరైన క్రయ దస్తావేజు ఆయన పేరు మీదే ఉంది. 1993లో కింది భాగం, 2004లో మిద్దె మీద ఒక పోర్షను కట్టారు. తాతల నుంచి వచ్చిన ఆస్తి ఇందులో ఒక్క అంకణం కూడా లేదు, పూర్తిగా స్వార్జితం. దస్తావేజులో చిత్తూరు జిల్లా అని ఉంటుంది. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కాబట్టి ఇప్పటి కాగితాల్లో తిరుపతి జిల్లా అని వస్తుంది. స్థలం అదే, హద్దులు అవే.

3. మా నాన్న 09-11-2017న, మా అమ్మ 22-02-2024న కాలం చేశారు. ఇద్దరూ వీలునామా రాయలేదు. వెతికాం, అడగాల్సినవాళ్లను అడిగాం, ఎక్కడా లేదు. నాన్నను కన్న మా నానమ్మ 2003లోనే పోయింది, కాబట్టి ఆమె వాటా ప్రశ్న రాదు. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం నాన్న పోయిన రోజు నుంచి ఇల్లు అమ్మకు, మా నలుగురికీ ఐదు సమాన వాటాలుగా వచ్చింది. అమ్మ పోయాక ఆమె అయిదో వంతు మళ్లీ నలుగురికీ సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరికి నాలుగో వంతు అవుతుంది. ఇందులో ఆడపిల్లలకు, మగపిల్లలకు తేడా లేదు. పెళ్లికి బంగారం పెట్టారనో, కట్నం ఇచ్చారనో అక్క, చెల్లెళ్ల వాటా తగ్గదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు, అయినా కాగితం మీద ఉండటం మంచిదని రాస్తున్నాం.

4. గంగాధరం మొదటి నుంచీ ఆ ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ చివరి రెండేళ్లు మంచం మీద ఉన్నప్పుడు ఆమెకు స్నానం చేయించి, అన్నం కలిపి పెట్టినది అతను, అతని భార్య. మేము సెలవులకు వచ్చి చూసి వెళ్లినవాళ్లమే. ఇంటి పన్ను, నీటి పన్ను, కరెంటు బిల్లు ఇన్నేళ్లూ అతనే కట్టాడు. రసీదులు మాత్రం ఇప్పటికీ చనిపోయిన మా నాన్న పేరుతోనే వస్తున్నాయి. అందువల్ల కుళాయి మరమ్మతు దరఖాస్తు దగ్గర నుంచి ప్రతి పనికీ చిక్కు వస్తోంది.

5. ఈ కారణంగా సదరు ఇంటి పన్ను అసెస్‌మెంటును, నీటి కుళాయి కనెక్షనును శ్రీ పి. గంగాధరం పేరు మీదికి మార్చడానికి మాకు ఏ అభ్యంతరమూ లేదు. ఈ పత్రం నకలు చూపి కరెంటు మీటరు పేరు మార్చుకోవడానికీ మాకు అభ్యంతరం లేదు. విడివిడిగా మా పేర్లు పన్ను పుస్తకంలో రాయమని మేము అడగడం లేదు.

6. ఈ పత్రంతో మేము వదులుకుంటున్నవి ఇవి మాత్రమే. మాకు తెలియకుండా, మమ్మల్ని అడగకుండా పేరు మార్చారని తరువాత ఫిర్యాదు చేయం. ఈ పత్రం నమ్మి పేరు మార్చినందుకు కమిషనర్ గారి మీద గానీ, నగరపాలక సంస్థ మీద గానీ ఏ నష్టపరిహారం అడగం, మా మధ్య తగాదా వస్తే మేమే సివిల్ కోర్టులో తేల్చుకుంటాం. ఈ రోజు వరకు గంగాధరం ఆ ఇంట్లో ఉన్నందుకు అద్దె గానీ, అతను కట్టిన పన్నుల లెక్క గానీ అడగం. అమ్మను చూసుకున్న మనిషిని అద్దె అడిగే ఉద్దేశం మాకు ఎప్పుడూ లేదు.

7. మేము వదులుకోనిది మా వాటా. ఇంటి మీద మాకు ఒక్కొక్కరికి ఉన్న నాలుగో వంతు, ముగ్గురికీ కలిపి నాలుగింట మూడు వంతులు, ఈ పత్రం ముందు ఎలా ఉందో తరువాతా అలాగే ఉంటుంది. ఇది హక్కు విడుదల దస్తావేజు కాదు. దానపత్రం కాదు. భాగ పరిష్కారం కాదు, కుటుంబ ఒప్పందం కూడా కాదు. స్థిరాస్తిలో వంద రూపాయలు, ఆపైన విలువ చేసే హక్కును వదులుకునే పత్రానికి రిజిస్ట్రేషన్ చట్టం 1908 లోని 17వ సెక్షన్ కింద తప్పనిసరి రిజిస్ట్రేషన్ కావాలి. నోటరీ ముందు చేసే ఈ ప్రమాణ పత్రానికి ఆ బలం లేదు, మేము ఆ ఉద్దేశంతో ఇవ్వడమూ లేదు. వాటా వదులుకోవాలని మాలో ఎవరికైనా అనిపిస్తే సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లి, తగిన స్టాంపు సుంకం కట్టి, వేరే దస్తావేజు రాయించి ఇస్తాం.

8. పన్ను పుస్తకంలో పేరు ఉన్నంత మాత్రాన ఆస్తి హక్కు రాదు. పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో చెప్పే నమోదు అది. రికార్డులో పేరు మారడం వల్ల యాజమాన్యం పుట్టదు, పోదు అని సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో చెప్పింది. కాబట్టి మార్చిన పేరుతో వచ్చే రసీదును చూపి గంగాధరం ఆ ఇంటిని పూర్తిగా అమ్మడం, తాకట్టు పెట్టి బ్యాంకు లోను తీసుకోవడం, ఎవరికైనా రాసివ్వడం, బిల్డరుతో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ చేసుకోవడం కుదరదు. అలాంటి ఏ దస్తావేజుకైనా మా ముగ్గురి సంతకాలు ఉండాలి. ఈ పత్రం నకలును మా ముందస్తు సమ్మతిగా చూపడానికి వీల్లేదు. కొనేవారు, అప్పు ఇచ్చేవారు ఎవరైనా దీన్ని చదివితే ఈ పేరాను ప్రత్యేకంగా చూడాలని కోరుతున్నాం.

9. అతను ఆ ఇంట్లో ఉండటం మా అనుమతితో, ఉమ్మడి యజమానుల్లో ఒకరిగా. మాకు వ్యతిరేకంగా ఉన్న స్వాధీనం కాదు. రేపు పన్నెండేళ్లు దాటినా, ఇరవై ఏళ్లు దాటినా కాలపరిమితి చూపి మా వాటా పోయిందనడానికి ఈ పత్రం ఉపయోగపడకూడదు. మాలో ఎవరైనా ముందే చనిపోతే వారి వాటా వారి వారసులకు చెందుతుంది, వారినీ ఈ నిరభ్యంతరం హక్కు వదులుకున్నవారిగా చేయదు.

10. మిద్దె పోర్షను అద్దె ప్రస్తుతం నెలకు రూ. 7,000 వస్తోంది. అమ్మ పోయాక దాన్ని గంగాధరమే తీసుకుని రంగులు, మరమ్మతులు చేయించాడు. ఆ అద్దె లెక్క, ఇంటి పంపకం ఈ పత్రంలో తేల్చడం లేదు. నలుగురం కూర్చుని మాట్లాడుకోవాలి. మాట్లాడుకున్నది వేరే కాగితం మీద రాసుకుంటాం.

11. దీనికోసం మేము డబ్బు, బంగారం, వేరే ఏ లాభమూ తీసుకోలేదు. ఎవరి ఒత్తిడీ లేదు. గోవిందమ్మ ఐదో తరగతి వరకే చదువుకుంది, కాబట్టి ప్రతి పేరా నోటరీ ముందు గట్టిగా చదివి, ఆమె మాటల్లో మళ్లీ చెప్పించుకున్నాం. ఏడో పేరా విని, "మరి నా భాగం నాకే ఉంటుంది కదా?" అని అడిగింది. ఉంటుందని చెప్పాకే సంతకం చేసింది. పేరు మార్పు ఉత్తర్వు వెలువడే లోపు మాలో ఏ ఒక్కరైనా కమిషనర్ గారికి రాతపూర్వకంగా తెలియజేసి ఈ నిరభ్యంతరాన్ని వెనక్కి తీసుకోవచ్చు.

షెడ్యూలు
తిరుపతి జిల్లా, తిరుపతి అర్బన్ మండలం, తిరుపతి నగరపాలక సంస్థ పరిధి, కొర్లగుంటలోని ఇల్లు. తూర్పు పడమరలు 36 అడుగులు, ఉత్తర దక్షిణాలు 48 అడుగులు, మొత్తం 1,728 చదరపు అడుగులు, అనగా 48 అంకణాలు. తూర్పు: 20 అడుగుల వీధి. పడమర: ఎం. సుబ్రహ్మణ్యం ఇల్లు. ఉత్తరం: టి. లోకనాథం ఖాళీ స్థలం. దక్షిణం: సందు దారి. కింద మూడు గదులు, వంటిల్లు, మిద్దె మీద ఒక పోర్షను, వెనక బావి.

ధ్రువీకరణ
1 నుంచి 6 వరకు, 10, 11 పేరాల్లోని సంగతులు మాకు స్వయంగా తెలిసినవి. 3, 7, 8, 9 పేరాల్లో చట్టం గురించి చెప్పినవి మా వకీలు వివరించగా అర్థం చేసుకుని నమ్మినవి. ఏదీ దాచలేదు. తప్పు ప్రమాణం చేస్తే శిక్ష పడుతుందని మాకు తెలుసు.

ప్రమాణం చేసినవారి సంతకాలు
కె. గోవిందమ్మ
పి. మురళి
ఎన్. రేణుక

పి. గంగాధరం ఒప్పుకోలు
అక్క, అన్న, చెల్లెలు ఇచ్చిన ఈ పత్రం మొదటి నుంచి చివరి వరకు చదివాను. ఇంటి మీద నా వాటా నాలుగో వంతేనని, పన్ను నా పేరుకు మారినా మిగిలిన మూడు వాటాలు వారివేనని ఒప్పుకుంటున్నాను. వారి సంతకాలు లేకుండా ఇల్లు అమ్మను, తాకట్టు పెట్టను. మార్పు ఉత్తర్వు వచ్చిన 15 రోజుల్లో దాని నకలు ముగ్గురికీ పంపుతాను. ఈ పత్రం అసలు ప్రతి నగరపాలక సంస్థకు ఇస్తున్నాను, నోటరీ ముద్రతో ఒక్కో నకలు నలుగురి దగ్గరా ఉంటుంది.

పి. గంగాధరం

సాక్షులు
ఆర్. వెంకటముని, కొర్లగుంట, తిరుపతి
డి. శివకుమార్, భవానీ నగర్, తిరుపతి

పై నలుగురూ 18-08-2025న తిరుపతిలో నా ముందు హాజరై, ఆధార్ కార్డులు చూపి, పత్రం చదివి వినిపించగా సరేనని సంతకాలు చేశారు.

నోటరీ, తిరుపతి