విషయం: మోకాలి ఆపరేషన్ అయిన ప్రయాణికుడికి ఎక్కువ లెగ్‌రూమ్ ఉన్న ఐల్ సీటు – PNR R7KD2M, మార్చి 20, హైదరాబాద్–దుబాయ్

కస్టమర్ సపోర్ట్, మెడికల్ అసిస్టెన్స్ విభాగాల వారికి నమస్కారం.

మా నాన్నగారు బి. వెంకటేశ్వర్లు గారు (వయసు 66), అమ్మ బి. సుశీల గారు 2026 మార్చి 20, శుక్రవారం రాత్రి మీ విమానంలో శంషాబాద్ నుంచి దుబాయ్ వెళ్తున్నారు. ఇద్దరి టికెట్లూ పైన రాసిన PNR లోనే ఉన్నాయి. నాన్నగారికి జనవరి 22న హైదరాబాద్‌లో ఎడమ మోకాలి మార్పిడి ఆపరేషన్ జరిగింది. ప్రయాణం నాటికి ఎనిమిది వారాలు నిండుతాయి. విమానంలో వెళ్ళవచ్చని సర్జన్ గారు రాసిచ్చిన లెటర్, డిశ్చార్జ్ సమ్మరీ ఈ మెయిల్‌కు జతచేశాను.

మేము కోరేది ముందు వరసలో D సీటు. పక్కనే E సీటు అమ్మకి.

C కాకుండా D నే ఎందుకు అడుగుతున్నానంటే, మీ సైట్‌లో చూపిస్తున్న సీట్ మ్యాప్ ప్రకారం ఇది అటు మూడు, ఇటు మూడు సీట్లున్న విమానం. D లో కూర్చుంటే నడవా ఎడమచేతి వైపు వస్తుంది, ఆపరేషన్ అయింది ఎడమ కాలికే. కాసేపటికోసారి ఆ కాలిని నడవాలోకి చాపుకోవచ్చు. అదే C ఇస్తే నడవా కుడివైపు వస్తుంది, నొప్పి ఉన్న కాలు లోపలి వైపే ఇరుక్కుపోతుంది. కౌంటర్ దగ్గర "ఐల్ సీటే కదా ఇచ్చాం" అనడానికి అవకాశం ఉంది కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

నాన్నగారు ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ క్లచ్ తొక్కిన కాలే ఇది. మనిషి ఐదడుగుల పదకొండు అంగుళాలు. మామూలు ఎకానమీ వరసలో ఆపరేషన్‌కి ముందే ఆయన మోకాళ్ళు ముందు సీటుకు ఆనేవి. ఇప్పుడు ఎడమ మోకాలు 95 డిగ్రీల దాకా వంగుతోందని ఫిజియోథెరపిస్ట్ కొలిచి చెప్పారు. అంటే కుర్చీలో కూర్చోగలరు కానీ, పాదం సీటు కిందికి లాక్కుని సర్దుకు కూర్చోవడం కుదరదు. ముందున్నవాళ్ళు సీటు వెనక్కి వాల్చారంటే నేరుగా కుట్లు వేసిన చోటే తగులుతుంది. ముందు వరసలో ఎదురుగా గోడ ఉంటుంది కాబట్టి కాలు పూర్తిగా చాపలేరని నాకు తెలుసు. అయినా సీటు వచ్చి మీద పడే భయం ఉండదు, లేచి నిలబడటానికి ఎదర జాగా ఉంటుంది. ఆ వరసలో చేతులానించే హ్యాండిల్ పైకి లేవకపోయినా ఇబ్బంది లేదు. ఆయన రెండు చేతులూ దానిమీద ఆనించే లేస్తారు.

టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో కాలు లోపలే ఉంచుకుంటారు, ఆ కాసేపు ఓర్చుకోగలరు. భోజనం బండి వచ్చినప్పుడు కూడా వెనక్కి తీసుకుంటారు. బండి తోసే సిబ్బందికి ముందుగా ఒక మాట చెప్పి ఉంచితే మాకు టెన్షన్ ఉండదు.

ఎగ్జిట్ రో మాత్రం వద్దు. అక్కడ లెగ్‌రూమ్ ఎక్కువే, ఆన్‌లైన్‌లో ఖాళీగానూ కనిపిస్తోంది. కానీ అత్యవసరమైతే తలుపు తీసి తోటివాళ్ళకు సాయపడగలిగినవాళ్ళే ఆ వరసలో కూర్చోవాలన్నది భద్రతా నిబంధన. వాకర్ పట్టుకుని నడిచే మనిషికి "నేను చేయగలను" అని టిక్ పెట్టడం నాకు ఇష్టం లేదు. మీరు పొరపాటున ఆ వరస కేటాయిస్తే, తీరా విమానం ఎక్కాక సిబ్బంది లేపి వెనక్కి పంపుతారు. ఆ బాధ ఇంకా ఎక్కువ.

మొదటి వరస మీ సైట్‌లో బ్లాక్ చేసి ఉంది, నేను ఎంచుకోవడానికి వీలు కావడం లేదు. కాబట్టి మీ వైపు నుంచే తెరవాలి. వైద్య కారణం మీద ఛార్జి మినహాయించే పద్ధతి మీ దగ్గర ఉంటే సంతోషం. లేదంటే రెండు సీట్లకీ అయ్యే మొత్తం ఎంతో చెప్పండి, లింక్ పంపిన రోజే కట్టేస్తాను. డబ్బు గురించి తర్జనభర్జన పడుతూ సీటు పోగొట్టుకోవడం మాకు ఇష్టం లేదు. ఉగాది మర్నాటి ప్రయాణం, విమానం నిండుగానే ఉంటుంది. మొదటి వరస ఎలాగూ కుదరదంటే, లెగ్‌రూమ్ ఎక్కువున్న వేరే వరసలో అయినా ఫరవాలేదు, ఎగ్జిట్ రో కాకుండా, D సీటే.

ఇక వీల్‌చైర్. బుకింగ్‌లో నేను WCHR అని పెట్టాను, దయచేసి దాన్ని WCHS గా మార్చండి. ఇంట్లో రెయిలింగ్ పట్టుకుని నాలుగైదు మెట్లు ఎక్కుతున్నారు కానీ, విమానాన్ని దూరంగా నిలిపి బస్సులో తీసుకెళ్తే ఆ నిచ్చెన మెట్లు ఎక్కడం ఆయన వల్ల కాదు. రెండు విమానాశ్రయాల్లోనూ ఇదే వర్తించాలి. మడత పెట్టే వాకర్ ఒకటి వెంట ఉంటుంది. దాన్ని విమానం తలుపు దాకా వాడుకోనిచ్చి, దుబాయ్‌లో బెల్ట్ మీద కాకుండా తలుపు దగ్గరే తిరిగి ఇచ్చేలా ట్యాగ్ వేయించండి.

దాదాపు నాలుగు గంటల ప్రయాణం. కాలిలో రక్తం గడ్డకట్టకుండా గంటకోసారి లేచి నాలుగడుగులు వేయమని డాక్టర్ గట్టిగా చెప్పారు. బిగుతు సాక్స్ వేసుకుంటారు, మందు కూడా వాడుతున్నారు. కిటికీ పక్క F సీటు ప్రయాణికుడు బయటికి రావాలన్నా నాన్నగారు లేచి దారి ఇస్తారు, కాకపోతే కాస్త నిదానంగా. పడుకునేందుకు స్ట్రెచర్, ఆక్సిజన్ లాంటివేవీ అవసరం లేదు.

మీ మెడికల్ ఫారం MEDIF నింపాల్సి ఉంటే మార్చి 11 లోపు పంపండి. ఆ రోజు సర్జన్ గారి దగ్గర చెకప్ ఉంది, అక్కడే సంతకం చేయించి సాయంత్రానికల్లా స్కాన్ చేసి పంపుతాను. ఆ తేదీ దాటితే ప్రయాణం లోపు మళ్ళీ ఆయన అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం. ఇలాంటి సహాయం 48 గంటల ముందు అడగాలని తెలుసు, అందుకే రెండు వారాలకు పైగా సమయం ఉండగానే రాస్తున్నాను.

ఇంకొక్క మాట. కిందటేడు వేరే సంస్థ విమానంలో వెళ్ళినప్పుడు చివరి నిమిషంలో విమానం మార్చారు. డబ్బు కట్టి తీసుకున్న ముందు సీట్లు పోయి అమ్మానాన్నలు చెరో చోట కూర్చున్నారు. అప్పుడు మోకాలు బాగానే ఉంది కాబట్టి నడిచిపోయింది. ఈసారి విమానం మారినా, సీటు మారకూడదనడానికి కారణం ఏమిటో చెకిన్ సిబ్బందికి స్క్రీన్ మీద కనిపించేలా బుకింగ్‌లో రిమార్క్ రాయించండి. తప్పనిసరిగా మార్చాల్సి వస్తే ముందుగా నాకు ఫోన్ చేయండి. బుకింగ్‌లో ఇచ్చిన నంబర్ నాదే. నాన్నగారికి చేస్తే "ఏదైనా ఫరవాలేదమ్మా" అనేస్తారు.

తమ్ముడి భార్యకు మార్చి ఆఖరుకు డెలివరీ తేదీ ఇచ్చారు. అమ్మ వెళ్ళక తప్పదు, నాన్నగారిని ఇక్కడ ఒంటరిగా వదలలేం. అందుకే ప్రయాణం వాయిదా వేసుకోలేకపోయాం.

సీటు నంబర్లు, వీల్‌చైర్ కోడ్ మార్పు రెండూ ఖాయమైనట్టు ఇదే మెయిల్‌కు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. దాని ప్రింట్ అమ్మ చేతికి ఇచ్చి పంపుతాను.

ఇట్లు
బి. మాధవి
(ప్రయాణికుల కుమార్తె, టికెట్లు బుక్ చేసిన వ్యక్తి)
ఖమ్మం

జతచేసినవి: సర్జన్ లెటర్, డిశ్చార్జ్ సమ్మరీ, ఇద్దరి ఈ-టికెట్లు