నలభై అయిదు రోజుల తీరం: తమ్ముడికి రోజూ ఉదయం అయిదింటికి

చిన్నా, ముప్పై ఏళ్లలో మన విశాఖ తీరం ఎలా మారిందో చెప్పే నీ థీసిస్ పూర్తయ్యేదాకా రోజూ వెంటపడమని నువ్వు అడిగావు కాబట్టి ఒప్పుకున్నాను. నవంబరు 3 నుంచి డిసెంబరు 17 వరకు రోజూ పొద్దున్న అయిదింటికి నా నుంచి ఒక సందేశం వస్తుంది. అందులో ఆ రోజు పని ఒక్కటే ఉంటుంది. గాజువాక బస్సు ఎక్కేలోపు నీకు దొరికేది గంటన్నర. ఆ గంటన్నరలో పట్టేంతే ఇస్తాను. "మూడో అధ్యాయం రాయాలి" అని నేను ఎప్పుడూ రాయను. అది పని కాదు, బెంగ.

రాత్రి తొమ్మిదికి నువ్వు ఒక్క మాట పంపు: అయింది, లేదా కాలేదు. కారణాలు వద్దు. నా థీసిస్ అప్పుడు నేను చెప్పిన కారణాలు కలిపి కుట్టిస్తే అదో సంపుటం అయ్యేది.

ఈ రోజుకి నీ దగ్గర ఉన్నది: రెండో అధ్యాయం 34 పేజీలు పూర్తి, మూడోది 9 పేజీలు సగంలో. మిగతావన్నీ నీ బుర్రలోనే ఉన్నాయి. బుర్రలోవి లెక్కలోకి రావు.

1వ రోజు, సోమవారం. కొత్తగా ఏమీ రాయొద్దు. ఉపగ్రహ చిత్రాలన్నిటికీ ఒక పట్టిక: తేదీ, ఏ ఉపగ్రహం, పిక్సెల్ ఎన్ని మీటర్లు. అంతే.

2వ రోజు. ఆ పట్టికలో నెలలు చూడు. నైరుతి రుతుపవనాల్లో మన బీచ్ కోతకు గురవుతుంది, తర్వాత ఇసుక మళ్లీ చేరుతుంది. ఒక ఏడాది జులై చిత్రం, ఇంకో ఏడాది ఫిబ్రవరి చిత్రం పక్కపక్కన పెడితే నువ్వు కొలిచేది ముప్పై ఏళ్ల మార్పు కాదు, రుతువుల తేడా. కాలం కలవనివాటికి ఎర్ర గుర్తు పెట్టు.

3వ రోజు. కార్తీక పౌర్ణమి. అమ్మతో గుడికి వెళ్లు. ఈ రోజుకు పని లేదు, రాత్రి జవాబూ అక్కర్లేదు.

4వ రోజు. నిన్న మురిగిందని రెండు రోజుల పని నెత్తిన వేసుకోకు. ఎర్ర గుర్తుల్లో మొదటిది మాత్రం తీసుకో. 2005 నాటి లాండ్‌శాట్ 7 చిత్రంలో నల్ల చారలు ఉన్నాయన్నావు కదా? 2003 మే 31న దాని స్కాన్‌లైన్ పరికరం పాడైంది, అప్పటినుంచీ అంతే. ఆ చారల్ని పూడ్చుతూ కూర్చోకు. ఆ ఏడాది లాండ్‌శాట్ 5 ఇంకా పని చేస్తూనే ఉంది, దాని చిత్రం దొరుకుతుందేమో చూడు.

5 నుంచి 8వ రోజు వరకు. రోజూ ఒకటే మాట: పద్ధతుల అధ్యాయంలో, అంటే మూడోదానిలో, ఒక ఉపశీర్షిక. చిత్రాల ఎంపిక, తీరరేఖ గీసిన తీరు, మార్పు కొలవడానికి తీరానికి అడ్డంగా గీసిన అడ్డగీతల మధ్య దూరం, మార్పు రేటు లెక్క. నువ్వు చేసిందే చేసినట్టు రాయాలి. నీ పక్కింటి పిల్లాడు చదివి అదే పని మళ్లీ చేయగలగాలి. అందంగా రాయాలని చూడకు.

9వ రోజు. ఆటుపోట్ల సవరణ. ఉపగ్రహం మన మీదుగా పోయిన ఘడియలో సముద్రం పోటులో ఉందో ఆటులో ఉందో తెలియకపోతే తీరరేఖ ఎక్కడుందో చెప్పలేం. మూడు పేజీలు చాలు.

మొదటి మజిలీ లెక్క, 10వ రోజు, నవంబరు 12

పది రోజుల్లో ఏడు "అయింది", రెండు "కాలేదు", ఒక పండుగ. మూడో అధ్యాయం 9 పేజీల నుంచి 22కి వచ్చింది. అనుకున్నది 25. తగ్గిన మూడు పేజీలు ఆటుపోట్ల భాగం. నిన్నటి ఆ పని నువ్వు తప్పించుకున్నావు. తెలియక తప్పించుకున్నావని నా అనుమానం. తెలియకపోతే గైడు గారిని అడగాలి, అది ఈ శనివారం పని. మొత్తం ఇప్పుడు 56 పేజీలు.

ఒకటి గమనించాను. "కాలేదు" అన్న రెండూ కాలేజీలో మొదటి పీరియడ్ ఉన్న రోజులే. ఆ రోజుల్లో ఇకపై పటాల కింద పేరు రాయడం లాంటి చిల్లర పని ఇస్తాను.

11 నుంచి 13వ రోజు వరకు. పటాల పని. రోజుకో పటం. ఉత్తర దిక్కు గుర్తు, కొలబద్ద, చిత్రం తేదీ, కింద రెండు వాక్యాలు. శనివారం గైడు గారిని ఆటుపోట్ల గురించి అడుగు. "నిన్న అడగలేదు" అని ఆదివారం చెప్పకు.

14వ రోజు, ఆదివారం. గైడు గారు చెప్పింది మరిచిపోకముందే ఆ మూడు పేజీలూ రాసెయ్. తర్వాత బీచ్ రోడ్డుకి వెళ్లి కురుసుర జలాంతర్గామి దగ్గర నుంచి నడువు. కాగితం, కలం వద్దు. నువ్వు రెండేళ్లుగా తెర మీద చూసిన ఇసుక కాలికి తగలాలి.

15వ రోజు. ఈ రోజు లెక్క చిన్నదే కానీ థీసిస్ అంతా దీనిమీదే నిలబడుతుంది. 1990 చిత్రం, 2020 చిత్రం రెండూ 30 మీటర్ల పిక్సెల్‌వే. తీరరేఖ గీయడంలో ఒక్కోదానికి సగం పిక్సెల్, అంటే 15 మీటర్ల పొరపాటు ఉందనుకో. రెండూ కలిస్తే:

```
sqrt(15^2 + 15^2) = 21.2
21.2 / 30 = 0.7
```

అంటే ముప్పై ఏళ్లలో ఏడాదికి 0.7 మీటరు కన్నా తక్కువ మార్పు కనిపించిన ప్రతి అడ్డగీత దగ్గరా "కోత" అనో "మేట" అనో రాసే హక్కు నీకు లేదు. "మార్పు తేలలేదు" అని రాయి. పట్టికలో అలాంటివన్నీ బూడిద రంగులోకి మార్చు. బూడిద రంగు ఎక్కువైతే కంగారు పడకు, నిజం చెప్పినందుకు ఏ పరీక్షకుడూ మార్కులు తియ్యడు. 0.2 మీటర్లను పెద్ద ఆవిష్కరణలా చెబితే మాత్రం మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

16 నుంచి 20వ రోజు వరకు. మన ఒప్పందం కొంచెం మారింది. కాలేజీలో పరీక్షల డ్యూటీ అన్నావు కాబట్టి ఈ అయిదు రోజులూ పని పావుగంటే. ఒక పటం కింది రెండు వాక్యాలు చదివి సరిచూడు. మానేయడం మాత్రం వద్దు. పావుగంటయినా ఫైలు తెరిచినవాడికి ఆరో రోజు పొద్దున్న అది కొత్తగా కనిపించదు.

21వ రోజు. హుద్‌హుద్. 2014 అక్టోబరు 12. తుపాను వెంటనే తీసిన చిత్రం నీ వరుసలో ఒక బిందువు. బిందువులన్నిటి మధ్యగా పోతూ మార్పు రేటు చెప్పే రిగ్రెషన్ గీత ఆ ఒక్క బిందువు కోసం ఎంత వంగుతోందో చూడాలంటే, దాన్ని తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి లెక్క వెయ్యి. రెండు ఫలితాలూ రాయి.

22, 23వ రోజులు. ఫలితాల అధ్యాయం మొదటి నుంచి చివరి దాకా బయటికి చదువు. గొంతు ఎక్కడ ఆగితే అక్కడ వాక్యం సరిలేదు.

రెండో మజిలీ లెక్క, 24వ రోజు, నవంబరు 26

నాలుగో అధ్యాయం, అంటే ఫలితాలు, పటాలతో కలిపి 31 పేజీలు. మూడోది ఆటుపోట్లతో కలిపి 25. మొత్తం 34, 25, 31 కలిపితే 90. పద్నాలుగు పటాల్లో పదకొండు పూర్తి. మిగిలిన మూడింటిలో రెండు మన వాదనకు అవసరం లేదు, అనుబంధంలోకి పోతాయి. నువ్వు బాధపడతావని తెలుసు, ఆ పటాలకు నెల పట్టింది కదా. పట్టిన కాలాన్ని బట్టి పటానికి విలువ రాదు. మూడోది ఈ వారం చెయ్యి.

పరీక్షల అయిదు రోజుల్లో నాలుగు "అయింది". నాకు ఈ లెక్క 31 పేజీల కన్నా బాగా నచ్చింది.

25వ రోజు. చర్చా అధ్యాయం. రాయకముందు ఒక కాగితం మీద ఒక్క వాక్యం: "నా తీరం ఇలా మారింది, ఎందుకంటే…" ఆ వాక్యం నాకు పంపు.

26వ రోజు. పంపిన వాక్యం రెండు వాక్యాలు. ఒక్కటే కావాలి. మళ్లీ.

27వ రోజు. ఇదీ మాట. ఇప్పుడు దాన్ని మూడు ముక్కలు చెయ్యి. మన తీరం వెంట ఇసుక ప్రధానంగా దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. ఔటర్ హార్బర్ వచ్చాక ఆ దారికి అడ్డం పడింది. తవ్వి తీసిన ఇసుకను తెచ్చి రామకృష్ణ బీచ్‌లో పోస్తారు. ముక్కకో ఉపశీర్షిక.

28 నుంచి 35వ రోజు వరకు. రోజుకు రెండు పేజీలు. నిన్న రాసింది దిద్దకుండా ఈ రోజు మొదలుపెట్టు. దిద్దే పని 40వ రోజుది. పోర్టు మీద కోపం అధ్యాయంలోకి రానివ్వకు, నీ అడ్డగీతలు చూపిస్తున్నంతే రాయి. డాల్ఫిన్ నోస్ కొండ పక్కన తీరం వేరుగా నడుస్తుంది, దాన్ని ఉత్తరాన భీమిలి దాకా ఉన్న తీరంతో కలిపి సగటు వేయకు.

36, 37వ రోజులు. విశ్రాంతి. పరిశోధన గురించి ఎవరైనా అడిగితే మాట మార్చు.

మూడో మజిలీ లెక్క, 38వ రోజు, డిసెంబరు 10

చర్చ 18 పేజీలు. అనుబంధంలోకి వెళ్లని ఆ ఒక్క పటంతో నాలుగో అధ్యాయం 33 అయింది. మొత్తం 110. రాయాల్సింది పరిచయం, ముగింపు. మిగిలినవి ఏడు రోజులు, ఈ రోజుతో కలిపితే ఎనిమిది.

చర్చలో రెండు చోట్ల "బహుశా" ఉండాల్సిన దగ్గర "నిస్సందేహంగా" అని ఉంది. అవి రెండూ మార్చు. మిగతాది నా పేరు మీద వచ్చినా గర్వపడేదాన్ని.

39వ రోజు. పరిచయం, మొదటి నాలుగు పేజీలు. ఇప్పుడు థీసిస్‌లో ఏముందో తెలుసు కాబట్టి చకచకా సాగుతుంది. అందుకే దీన్ని ఇంతకాలం ఆపాను.

40వ రోజు. దిద్దే రోజు. చర్చ మాత్రమే.

41వ రోజు. పరిచయం పూర్తి.

42వ రోజు, ఆదివారం. ముగింపు, ఆరు పేజీలకు మించొద్దు. కొత్త విషయం ఒక్కటి కూడా రాకూడదు.

43వ రోజు. వేరే రాతలతో పోలిక తనిఖీ. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు చిన్న పోలికలుగా వదిలేస్తారు, దాటితే సరిచేయమంటారు. పద్ధతుల అధ్యాయంలో ఎక్కువ రావచ్చు, నీ పాత సెమినారు పత్రం నుంచి ఎత్తి పెట్టిన పేరా ఒకటుంది. నీదే అయినా తిరగరాయి.

44వ రోజు. పేజీల సంఖ్యలు, పటాల వరుస, పట్టికల వరుస. విసుగు పని. పాటలు పెట్టుకో.

45వ రోజు, బుధవారం. పరిచయం 11, ముగింపు 6. మొత్తం 127. ప్రింటు తీసే దుకాణం పది గంటలకు తెరుస్తారు, కాలేజీకి సగం రోజు సెలవు పెట్టు. ఒక ప్రతి గైడు గారికి, ఒకటి నాకు. నా ప్రతి కొమ్మాదికి తెచ్చివ్వు, అన్నం వండి ఉంచుతాను. రాత్రి తొమ్మిదికి మామూలుగానే ఒక్క మాట పంపు.