సత్యకి బాగా లేదు

నాన్న షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నది పెన్సిల్‌తో. ఆఫీసులో వాడిందీ పెన్సిలే. ఇంట్లో డైరీ మాత్రం బాల్ పెన్‌తో రాసేవారు, నా అవస్థంతా అక్కడే మొదలైంది. పిట్మన్ పద్ధతిలో ప కీ బ కీ ఒకటే గీత, పైనుంచి కుడివైపుకి ఏటవాలుగా దిగుతుంది. సన్నగా గీస్తే ప, ఒత్తి గీస్తే బ. నిలువు గీత సన్నగా ఉంటే త, లావుగా ఉంటే ద. అడ్డగీత క, గ. మెత్తటి పెన్సిలైతే చెయ్యి ఎక్కడ ఒత్తిందో, ఎక్కడ తేలిపోయిందో కాగితం మీద కనిపిస్తుంది. బాల్ పెన్ ఎంత ఒత్తినా గీత ఒకటే లావు. దానికితోడు ఆయన అచ్చుల చుక్కలు పెట్టలేదు. నిమిషానికి 120 మాటల హయ్యర్ పరీక్ష పాసైన మనిషి, రాత్రి భోంచేసి మంచం మీద కూర్చుని తన సంగతులు తను రాసుకుంటూ చుక్కలెందుకు పెడతారు?

కాకినాడ కలెక్టరేట్‌లో స్టెనోగా చేరి, స్టెనోగానే రిటైరయ్యారు. పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్ళిపోయాక అమ్మ బీరువా అడుగు అర తీసి డైరీలన్నీ నా ముందు పెట్టింది. బ్యాంకులవాళ్ళు, ఎరువుల కంపెనీలవాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చే డైరీలు, అట్టల మీద బంగారు రంగు అక్షరాలు సగం రాలిపోయి ఉన్నాయి.

"నాకు తెలుగొచ్చు, హిందీ వచ్చు, ఇంగ్లీషొచ్చు. పెళ్ళైన దగ్గర్నుంచి నా పక్కన కూర్చుని నాకు రాని లిపిలో రాశాడు మీ నాన్న. ఏం రాస్తున్నారండీ అంటే ఆఫీసు సంగతులే అనేవాడు. రోజూ రాత్రి పదింటికి ఏం ఆఫీసే? తెలుగులో ఎత్తి రాసిపెట్టు, చదువుకుంటాను" అంది.

అమ్మ ఆయన ఉన్నప్పుడు అండీ, మీరు అనే మనిషి. పోయాక ఇలా అంటుంటే మొదట్లో నాకు గుచ్చుకునేది. తర్వాత అర్థమైంది, అది కోపం, ఎప్పటి నుంచో దాచుకున్నది.

డిగ్రీ చదివేటప్పుడు నాన్న పోరు పడలేక లోయర్ వరకు నేర్చుకున్నాను నేను, కానీ పరీక్షకి కూర్చోలేదు. గీతలు గుర్తున్నాయి, సంక్షిప్తాలు సగం పోయాయి. రామారావుపేటలో నాన్నతో పాటు నేర్చుకుని, తర్వాత టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మాస్టారొకాయన ఉన్నారు, ఇప్పుడు ఇన్‌స్టిట్యూట్ లేదు, మిషన్లు పాత ఇనుముకి వెళ్ళిపోయాయి, ఆయన మాత్రం ఇంకా దినపత్రిక చదువుతూ చూపుడువేలితో తొడ మీద గీతలు రాసుకుంటూ ఉంటారు. డైరీ చూపించాను. భూతద్దం తెచ్చుకుని రెండు పేజీలు చూశారు.

"ఇంగ్లీషు ముక్కలు నేను చదివేస్తానమ్మా, అవి పుస్తకంలో ఉన్నవే. తెలుగు ముక్కలు మీ నాన్న సొంతం. ళ కీ ల కీ ఒకటే వాడాడు, ట కీ త కీ కూడా. ఇవి చదవాలంటే ఆ రోజు ఆయన ఏం చేశాడో తెలిసిన మనిషి కావాలి."

లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. ఎడమ పేజీలో నాన్న గీతలు ఉన్నవి ఉన్నట్టు దించడం, కుడి పేజీలో తెలుగు. తెలియనిచోట ప్రశ్నార్థకం. మొదటి డైరీలో కుడివైపంతా ప్రశ్నార్థకాలే. "డి.ఆర్.ఓ. మీటింగ్", "ఫెయిర్ కాపీ", "క్యాంపు తుని" లాంటివి ఇట్టే వచ్చేసేవి, మన ఇంటి సంగతి రాగానే ఆగిపోయేదాన్ని. ఆఫీసు ముక్కలేమో అమ్మకి అక్కర్లేదు.

ఒక వాక్యం దగ్గర రెండు రోజులు కూర్చున్నాను. మొదట సున్నాలాంటి చిన్న చుట్టు, నిలువు గీత, అది సత్య, అంటే అమ్మ, అన్ని డైరీల్లోనూ అదే గుర్తు. చివర "లేదు". మధ్యలో ఏటవాలు గీత, దానికి అతుక్కుని అడ్డగీత, రెండూ లైనుకి పైన. పైన రాశారంటే మొదటి అచ్చు ఆ అయ్యుండాలి. బాకీ కావచ్చు, బాగా కావచ్చు, పాక కూడా కావచ్చు. మూడింటికీ అవే గీతలు, అదే చోటు. పక్కన 300 అని అంకె. అంకె ఉంది కదా అని "సత్యకి బాకీ లేదు, 300" అని రాశాను. అమ్మ దగ్గర తీసుకున్న డబ్బు తీర్చేశారన్నమాట అనుకున్నాను.

అమ్మకి చదివి వినిపిస్తే ముఖం అదోలా పెట్టింది.

"ఏ తారీఖు?"

"ఆగస్టు 19, 94."

"బాకీ ఏంటే, నా దగ్గర ఆయన ఎప్పుడు అప్పు చేశాడు? ఆ నెల నాకు టైఫాయిడ్. రోజు మార్చి రోజు డాక్టరు దగ్గరికి రిక్షాలో తీసుకెళ్ళాడు. మందులకి మూడొందలైంది."

సత్యకి బాగా లేదు. 300.

కొట్టేసి మళ్ళీ రాశాను. అమ్మ నోట్‌బుక్ లాక్కుని ఆ లైను తనే చదువుకుంది, ఎడమ పేజీలో గీతల మీద వేలు పెట్టి ఇదేనా, ఇదేనా అని అడిగింది. ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం. గీతలు ఏ ఏ శబ్దాలకి సరిపోతాయో నేను చెప్పడం, తారీఖు చూసి అమ్మ మాట అందించడం. ప ల ఉంది, లైనుని కోస్తూ ఉంది, పిల్లా బిల్లా అంటే, "మొదటివారమైతే బిల్లు, కరెంటుది. కాకపోతే నువ్వే" అనేది. షార్ట్‌హ్యాండ్‌లో ఒక్క గీత రాని మనిషి నాకంటే, మాస్టారి కంటే బాగా చదవడం మొదలుపెట్టింది.

1996 డైరీకి వచ్చేసరికి చెయ్యి ఆగింది. నవంబరు 6, బుధవారం, ఆ తుఫాను రాత్రి. నాకు బాగా గుర్తు, మా పెంకులు లేచిపోయాయి, అమ్మా నేనూ వంటింటి మూల తడిసిన బొంత కప్పుకుని కూర్చున్నాం, నాన్న ఆఫీసులోనే ఉండిపోయారు. ఆ తర్వాత కొన్ని రోజుల పేజీలు పెన్సిల్‌తో ఉన్నాయి. డైరీ ఆఫీసుకి పట్టుకెళ్ళారో, కాగితం దొరక్క వాడారో తెలియదు. సన్న గీతలు సన్నగా, లావు గీతలు లావుగా, ముద్దగా. అచ్చులన్నీ ఉన్నాయి. ప్రతి చుక్కా, ప్రతి చిన్న గీతా.

అవి పేర్లు. భైరవపాలెం, బలుసుతిప్ప, ఇంకా చుట్టుపక్కల ఊళ్ళు, వేటకి వెళ్ళి తిరిగిరాని మగవాళ్ళ పేర్లు, వచ్చి చెప్పుకున్నవాళ్ళు చెప్పింది చెప్పినట్టు. మామూలు మాటైతే ముందూ వెనకా చూసి పోల్చుకోవచ్చు, పేరుని అలా పోల్చుకోలేం. నూకరాజు అని రాస్తే నూ దగ్గర ఒత్తిన చిన్న గీత లేకపోతే అది ఇంకో మనిషి పేరైపోతుంది. అంత గందరగోళంలో, జనం ఏడుస్తూ ఒకరి మీద ఒకరు చెబుతుంటే, నాన్న ఒక్క అచ్చు వదల్లేదు. కొన్ని పేర్ల పక్కన తర్వాత బాల్ పెన్‌తో "వచ్చాడు" అని ఉంది. చాలావాటి పక్కన ఏమీ లేదు. ఆ పేజీలు నేను ఎక్కడా ఆగకుండా ఎత్తి రాశాను. అమ్మ ఏమీ అందించక్కర్లేకపోయింది, పక్కన కూర్చుని ఒక్కో పేరూ పైకి చదివింది.

1999 జూన్ పేజీ మాస్టారి దగ్గర తేలింది. "ప్రమోషన్" నేనే చదివాను, అందులో సందేహం లేదు. "హైదరాబాద్" కూడా. వాటి తర్వాత పొడుగాటి గీత ఒకటి, ర, ల, చివర్న ష లాంటి వంపు. మాస్టారు భూతద్దం అవసరం లేకుండానే చెప్పేశారు.

"రెలింక్విష్. ప్రమోషన్ వద్దని రాసిచ్చాడమ్మా మీ నాన్న."

ఆ కింద లైను తెలుగు. సత్య, స్కూలు, తర్వాత ప ర మ, దాని వెనక "పోతుంది". ఇంటికొచ్చి అమ్మని అడగకుండానే నాకు తెలిసిపోయింది. అమ్మ అప్పట్లో ఎయిడెడ్ స్కూల్లో హిందీ చెప్పేది, ఉద్యోగం పర్మనెంట్ అవుతుందని రెండేళ్ళుగా తిప్పుతున్నారు. సత్య స్కూలు పర్మనెంట్ పోతుంది. హైదరాబాద్ వెళ్తే అది పోతుందని ఆయన వద్దన్నారు.

ఇది అమ్మకి చదివి వినిపించడానికి నాకు టెన్షన్. ఎందుకంటే నా చిన్నప్పటి నుంచీ ఇంట్లో మాట పెరిగిన ప్రతిసారీ అమ్మ చివరికి వచ్చేది ఇక్కడికే, మీతో చేరినవాళ్ళంతా పైకెళ్ళారు, మీరు ఆ కుర్చీలోనే ఉన్నారు, మీకు చేతకాదు అని. ఆయన కంచంలోకి చూస్తూ మజ్జిగ కలుపుకునేవారు. ఒక్కసారి కూడా చెప్పలేదు.

చదివాను. ఏడుస్తుందనుకున్నాను. లేచి నిలబడింది.

"నన్నెందుకు అడగలేదే?"

నేనేం చెప్పను.

"నాకా స్కూలంటే అసహ్యం! ఆ హెడ్‌మిస్ట్రెస్ మొహం చూడలేక పొద్దున్నే కడుపులో తిప్పేది. నన్ను అడిగుంటే నేనే పెట్టె సర్దేదాన్ని. నాకోసం అనుకున్నాడు, ఆయన అనుకున్నాడు, ఆయనే రాసిచ్చేశాడు, ఇంతకాలం నా చేత మాటలన్నీ అనిపించుకున్నాడు. ఒక్క మాట తెలుగులో చెప్పడానికేంటి నొప్పి?"

వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు కాసేపు గట్టిగా వినిపించింది. తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చుని, "కుడి పేజీలో ఖాళీ ఉందా?" అంది.

ఉందన్నాను.

"రాయి. జూన్ 99, సత్య మాట అని పైన పెట్టు. నన్ను అడగలేదు. అడిగితే వెళ్దామనేదాన్ని. చేతకాదు అన్నాను, చాలాసార్లు అన్నాను, తెలియక అన్నాను. తెలిస్తే అననని కాదు, ఇంకోటి అనేదాన్ని. రాశావా?"

"మెల్లగా అమ్మా."

"ఆ స్కూలువాళ్ళు పర్మనెంట్ చెయ్యనూ లేదు, 2002లో తీసేశారు, అదీ రాయి. నాంపల్లిలో మా పిన్ని ఉండేది, ఇల్లు చూసిపెట్టేది. నీ కాలేజీ కూడా అక్కడే అయ్యుండేది."

అదీ రాశాను. ఖాళీ చాలక పేజీ తిప్పాను, అమ్మ ఇంకా చెబుతూనే ఉంది.