అత్యవసర విభాగంలో జాప్యం, బిల్లులో తప్పులపై ఫిర్యాదు

ఆసుపత్రి పరిపాలనాధికారి గారికి,

మార్చి 4 రాత్రి 9:40కి మా నాన్నగారిని ఛాతీనొప్పితో మీ అత్యవసర విభాగానికి తీసుకొచ్చాం. అలాంటి రోగికి వచ్చిన పది నిమిషాల్లోగా ఈసీజీ తీయాలన్నది వైద్యరంగంలో అందరికీ తెలిసిన ప్రమాణం. ఆయనకు తీసింది 10:35కి. ఆ సమయం ఈసీజీ కాగితం మీదే అచ్చయి ఉంది. అంతసేపూ ఆయన చెమటతో తడిసిపోయి చక్రాల కుర్చీలోనే ఉన్నారు. ఎప్పుడు అడిగినా ముందు అడ్వాన్సు కట్టి రమ్మన్నారు. ప్రాణం మీదికి వచ్చిన మనిషిని రసీదు కోసం ఆపడం క్షమించరాని విషయం.

ఇక బిల్లు. ఒక్కసారే చేసిన ఎకో పరీక్షకు రెండుసార్లు వసూలు చేశారు. 6వ తేదీ ఉదయమే వార్డుకు మార్చినా, 7వ తేదీకి కూడా ఐసీయూ అద్దె వేశారు. వాడకుండా తిరిగిచ్చిన ఇంజెక్షన్ల ధర తగ్గించనేలేదు. కౌంటర్‌లో అడిగితే కంప్యూటర్‌లో అలాగే ఉందన్నారు. అది సమాధానం కాదు.

వార్డు నర్సులు శ్రద్ధగా చూసుకున్నారు, వారిపై ఏ ఫిర్యాదూ లేదు.

జాప్యానికి లిఖితపూర్వక వివరణ, సరిచేసిన బిల్లు, అదనంగా తీసుకున్న సొమ్ము, చికిత్స రికార్డుల నకలు 15 రోజుల్లోగా ఇవ్వండి. లేకుంటే ఆరోగ్యశాఖకు, వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తాను. ఈసీజీ, రసీదులు, డిశ్చార్జి పత్రం నకళ్లు జతపరిచాను.

ఇట్లు,
రోగి కుమార్తె
మార్చి 12