12 శాతం అప్పు అసలు లెక్క: సంతకం పెట్టేముందు ఒకసారి చదవండి అన్నా

అన్నా, బ్రహ్మోత్సవాల సరుకు కోసం మీరు చూసిన 10 లక్షల అప్పు కాగితాలు నిన్న రాత్రి కూర్చుని మొత్తం చదివాను. 12 శాతం అని చూసి మీకు నచ్చింది, ఇంకో బ్యాంకు 14 అడుగుతోంది కాబట్టి ఇదే చవక అనుకున్నారు, నిజానికి ఇదే ఖరీదు. ఎందుకో చెప్తాను.

రెండో పేజీలో, చిన్న అక్షరాల్లో, రెండు షరతులున్నాయి. ఒకటి, ఏడాది వడ్డీ 1,20,000 మొదటి రోజే పట్టుకుని మిగతాది ఇస్తారు. ఈ పద్ధతి మన గాంధీ రోడ్డులో ఎవరికీ కొత్త కాదు, రోజువారీ ఫైనాన్స్ వాళ్ళు చేసేదీ ఇదే, కాకపోతే వీళ్ళు కోటు వేసుకుని చేస్తున్నారు. రెండోది, అప్పులో 15 శాతం, అంటే 1,50,000, వాళ్ళ దగ్గరే కరెంట్ ఖాతాలో ఏడాదంతా కదలకుండా ఉండాలి. ఆ ఖాతాకు వడ్డీ రాదు.

అంటే కాగితం మీద 10 లక్షలు, మన చేతికి వచ్చేది 10,00,000 − 1,20,000 − 1,50,000 = 7,30,000. మనం వాడుకునేది ఈ 7,30,000 మాత్రమే, వడ్డీ మాత్రం 10 లక్షల మీద కడుతున్నాం. అసలు రేటు ఇలా వస్తుంది:

1,20,000 ÷ 7,30,000 = 16.44 శాతం.

వడ్డీ ముందే పట్టుకోవడం ఒక్కటే ఉంటే 13.64 దగ్గర ఆగేది (1,20,000 ÷ 8,80,000), మిగతా పెరుగుదలంతా ఆ కదలని డబ్బు వల్ల. లక్షన్నర చివర్లో మనకే వస్తుంది కదా అంటారు మీరు. వస్తుంది, కానీ అది వాళ్ళ డబ్బే, దాన్ని వాళ్ళ దగ్గరే పెట్టి మనం 12 శాతం కడుతున్నాం.

ఇంకో విషయం, మొరాదాబాద్ ఇత్తడి వాళ్ళకు కట్టాల్సింది పూర్తి 10 లక్షలు. 7.30తో సరిపోదు. చేతికి 10 లక్షలు రావాలంటే 10,00,000 ÷ 0.73, అంటే సుమారు 13,69,900 అప్పు రాయించుకోవాలి, వడ్డీ 1,64,400 దాకా పోతుంది. 14 శాతం బ్యాంకులో 10 లక్షలు నేరుగా చేతికి వస్తాయి, వడ్డీ నెలనెలా కట్టుకుంటూ పోతే ఏడాదికి 1,40,000. నెలనెలా కట్టడం వల్ల ఆ 14 కూడా లెక్కకు 14.93 అవుతుంది, అది దాచను, అయినా 16.44 కంటే తక్కువే. జేబులోంచి పోయేది 24,000 పైచిలుకు తేడా.

లెక్క మారే సందర్భం ఒకటుంది. రోజూ వచ్చే కలెక్షన్‌లో ఎలాగూ ఆ ఖాతాలో 60,000 ఉంచుతామనుకోండి, అప్పుడు అదనంగా కదలకుండా ఇరుక్కునేది 90,000 మాత్రమే, అసలు రేటు 15.19కి దిగుతుంది. అయినా మన కరెంట్ ఖాతా వేరే బ్యాంకులో ఉంది, దాన్ని మార్చడం మామూలు తలనొప్పి కాదు, స్వైపింగ్ మిషన్, క్యూఆర్ కోడ్ అన్నీ మార్చాలి.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇది. మన సరుకు అమ్ముడుపోయేది సీజన్‌లో. బ్రహ్మోత్సవాలు, ఆ తర్వాత వైకుంఠ ఏకాదశి అయ్యాక చేతిలో డబ్బు ఉంటుంది, అప్పు ఆరు నెలల్లో తీర్చేద్దామని మీరే అంటారు. ముందే పట్టుకున్న వడ్డీలో మిగిలిన ఆరు నెలలది వెనక్కి ఇస్తామని ఈ కాగితంలో ఎక్కడా లేదు. ఇవ్వకపోతే ఆరు నెలలకే 16.44 కట్టినట్టు, ఏడాది లెక్కన 32.88. బజారు వడ్డీకి మించిపోతుంది. 14 శాతం అప్పులో ఆ బాధ లేదు, తీర్చిన నెలతో వడ్డీ ఆగిపోతుంది, ముందుగా కడితే జరిమానా ఉందా అన్నది మాత్రం అడిగి చూస్తాను.

2024 అక్టోబర్ 1 నుంచి చిన్న వ్యాపారుల టర్మ్ లోన్లకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం. అందులో ఏపీఆర్ అని ఏడాది మొత్తం ఖర్చు శాతంలో చూపిస్తారు. అది తీసుకోండి, కానీ లక్షన్నర కదలని డబ్బును అందులో కలిపారో లేదో చూడాలి, కలపకపోతే మన 16.44 అక్కడ కనిపించదు.

శుక్రవారం మేనేజర్ అంగడికి వస్తానన్నాడుగా, సంతకం వద్దు, ముందు రెండు అడగండి. ఆ బ్యాలెన్స్ షరతు తీసేస్తారా, కనీసం ఆ డబ్బును వడ్డీ వచ్చే డిపాజిట్‌గా రాస్తారా? ముందే తీర్చేస్తే మిగిలిన వడ్డీ వెనక్కి ఇస్తామని రాసిస్తారా? నోటి మాట వద్దు, కాగితం మీదే. ఒప్పుకోకపోతే 14 శాతం బ్యాంకుకు అప్లికేషన్ నేను రెడీ చేసి పెట్టాను, జీఎస్టీ రిటర్నులు, ఆరు నెలల స్టేట్‌మెంట్లు ఫైల్లో ఉన్నాయి, మీ సంతకాలే తక్కువ.