పనసాకు పొట్టిక్కలు: ఆదివారం స్పెషల్ షార్ట్, 40 సెకన్లు

కాకినాడ గాంధీనగర్‌లోని మన టిఫిన్ సెంటర్ కోసం. ఫోను నిలువుగా. షూటింగ్ శనివారం మధ్యాహ్నం 3 గంటలకి, టిఫిన్ల గిరాకీ తగ్గాక. పోస్టు అదే సాయంత్రం 7కి.

ఒక్క నియమం: 16వ సెకను దాకా ఉడికిన పొట్టిక్క ఎక్కడా కనపడకూడదు. కోనసీమ వాళ్ళకి బుట్ట చూడగానే సంగతి తెలిసిపోతుంది. తెలిసినా ఆకు ఊడేదాకా చూస్తారు, మనక్కావాల్సింది అదే. అందుకని కవర్ ఫోటోలో కూడా కట్టి ఉన్న బుట్టే ఉండాలి.

ముందురోజు, ఆ పూట సిద్ధం చేసుకోవాల్సినవి

పిండి ఒక లీటరు. మినప్పప్పు ఒక కొలత, ఇడ్లీ రవ్వ రెండు కొలతలు. ఉదయం పొంగిన పిండిలోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండింటికి బయట పెట్టాలి. బయటే వదిలేస్తే మధ్యాహ్నానికి పులిసి, పొట్టిక్క మధ్యలో కుంగుతుంది.

పనసాకులు 32. ఆరు బుట్టలకి 24, మిగతావి చిరిగితే మార్చడానికి. లేతాకు పుల్ల గుచ్చగానే చీలుతుంది, బాగా ముదిరింది మడతలో విరుగుతుంది. మధ్యరకం, అరచేయంత ఆకు చూసుకోవాలి. తడిగుడ్డతో రెండు వైపులా తుడవాలి. దుమ్ము కంటికి కనపడకపోయినా ఫోనుకి కనపడుతుంది. గుచ్చడానికి కొబ్బరి ఈనెలు. టూత్‌పిక్కులు వద్దు, మొత్తం అందమే పోతుంది.

ఫోను: 30 ఫ్రేములు, షట్టర్ 1/100. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, షట్టర్ దానికి కుదరకపోతే కొన్ని ట్యూబ్‌లైట్ల కింద వీడియోలో చారలు పాకుతాయి. వైట్ బ్యాలెన్స్ లాక్ చెయ్యాలి. చెయ్యకపోతే పక్కన ఆకుపచ్చ ఉన్నప్పుడు తెల్లటి పిండి గులాబీ ఛాయకి తిరుగుతుంది.

షాట్లు, మాటలు

1. (0–3 సె.) చాలా దగ్గరగా: రెండు వేళ్ళు, ఆకు, ఈనె. గుచ్చగానే "పుటుక్".
మాట: "ఇది గిన్నె కాదండి. అలాగని పొట్లమూ కాదు."

2. (3–8 సె.) పైనుంచి. నాలుగాకులు అడ్డంగా నిలువుగా పేర్చి, అంచులు లేపి, బుట్ట కట్టడం. మాస్టారు మామూలు వేగంతోనే కట్టాలి. ఎడిటింగ్‌లో రెండింతలు చేస్తాం.
మాట: "నాలుగు పనసాకులు. నాలుగు కొబ్బరీనెలు. అంతే."

3. (8–12 సె.) పక్కనుంచి. గరిటెతో పిండి పోయడం, ముప్పావు వంతు వరకే. నిండా పోస్తే ఉడికేటప్పుడు పొంగి ఆకంచుని కప్పేస్తుంది, ఐదో షాట్‌లో పట్టుకుని లాగడానికి అంచు దొరకదు.
మాట: "రాత్రి రుబ్బిన పిండి, బుడగ బుడగలుగా పొంగింది చూడండి."

4. (12–16 సె.) మూత తీయడం. కెమెరా పాత్ర అంచు కంటే కిందుండాలి: ఆకుల కొసలు, పైకి లేచే ఆవిరి, అంతే కనపడాలి. వెనక గోడకి నల్లగుడ్డ కట్టి, వెలుగు వెనక పక్కనుంచి పడనిస్తే ఆవిరి తెల్లగా తేలుతుంది. ముందునుంచి లైటు కొడితే మాయమైపోతుంది. ఫ్యాన్లు, ఎగ్జాస్ట్ ఆపాలి. ఫోను ఏసీలోంచి నేరుగా తెస్తే అద్దం చల్లగా ఉండి మసక కమ్ముతుంది. పది నిమిషాల ముందే వంటింట్లో పెట్టి, మూరెడు దూరంనుంచి జూమ్‌తో తీయాలి.
మాట: "ఇరవై నిమిషాల ఆవిరి. ఆకు రంగు మారింది. వాసన మీదాకా రావట్లేదు, అదొక్కటే లోటు."

5. (16–26 సె.) అసలు షాట్ ఇదే. మాట లేదు, పాట లేదు. స్టీలు పళ్ళెంలో ఒకే బుట్ట. ఈనె ఊడుతుంది. మొదటి ఆకు నెమ్మదిగా కిందికి, తడి తడిగా "సర్ర్" మంటూ. రెండోది. ఆ వైపు కనపడగానే ఫోను దగ్గరికి వెళ్ళి, పొట్టిక్క ఒంటి మీద ఆకు నరాలు అచ్చుపడ్డ చోట రెండు సెకన్లు ఆగాలి.

ఈ షాట్ ఎక్కువగా చెడేది తొందరవల్ల. దింపిన వెంటనే విప్పితే ఇంకా జిగురుగా ఉండి, పైపొర ఆకుతోపాటే లేచొస్తుంది, గీతలు పోతాయి. రెండు నిమిషాలు ఆగాలి. ఆగితే ఆవిరి తగ్గుతుందనే బెంగ వద్దు. దాన్ని తర్వాతి షాట్‌లో లోపల్నుంచి తీస్తాం. ఆరు బుట్టల్లో రెండు ఈ షాట్‌కే. ఆకు చప్పుడు విడిగా, ఫోను జానెడు దూరంలో పెట్టి, ఫ్రిజ్ ఆపి రికార్డు చెయ్యాలి.

6. (26–31 సె.) బొటనవేళ్ళతో మధ్యకి విరవడం. లోపల ఇంకా వేడిగానే ఉంటుంది కాబట్టి ఆవిరి బుస్సుమని లేస్తుంది. వెంటనే చెంచాడు కరిగిన నెయ్యి, విరిగిన వైపు మీద. నున్నటి వైపు పోస్తే జారి పళ్ళెంలోకి పోతుంది, గరుకు వైపైతే కళ్ళెదుటే ఇంకుతుంది.
మాట: "పైన ఆకు వాసన. లోపల దూది. మధ్యలో నెయ్యి."

7. (31–36 సె.) ముక్క అల్లం పచ్చడిలో ముంచి పైకెత్తడం. పచ్చడి కొంచెం గట్టిగా ఉండాలి, కారిపోకూడదు. కొబ్బరి చట్నీ పక్కనుంటే చాలు. తెలుపు మీద తెలుపు ఫోనులో తేలదు. తినే మనిషి మొహం అక్కర్లేదు, చెయ్యి ఫ్రేములోంచి వెళ్ళిపోతే సరి.
మాట: "అల్లం ఘాటు, బెల్లం తీపి, చింతపండు పులుపు. ఇక మాటల్లేవండి."

8. (36–40 సె.) హోటల్ బోర్డు, కింద పేర్చిన ఆకు బుట్టలు.
మాట: "పనసాకు పొట్టిక్కలు. ఆదివారం పొద్దున్నే వచ్చేయండి!"
తెర మీద: పొట్టిక్కలు 2, ₹60 | ఆదివారం ఉ. 6:30 నుంచి | గాంధీనగర్, కాకినాడ

తెర మీద రాత ఐదో షాట్‌లో ఉండకూడదు. మిగతా చోట్ల ఉంటే పైభాగంలోనే. అడుగున యాప్ బటన్లు, క్యాప్షన్ కప్పేస్తాయి.

గొంతు రికార్డింగ్ చివర్లో, వీడియో చూస్తూ. ప్రకటన గొంతు వద్దు, కౌంటర్ దగ్గర గిరాకీతో మాట్లాడినట్టు చాలు. ఏ షాట్‌లోనైనా మాట ఇరుక్కుంటే వేగం పెంచకండి, మాట కొట్టేయండి.

తీసే వరుస వేరు

ముందు బుట్టలు కట్టడం, తర్వాత పిండి. పాత్ర పొయ్యి మీదుండే ఇరవై నిమిషాల్లో ఎనిమిదో షాట్ బోర్డుతో ముగించేసి, అల్లం పచ్చడి కప్పు, నెయ్యి, పళ్ళెం, నల్లగుడ్డ అన్నీ చోటు కుదిర్చి పెట్టుకోవాలి. మూత తీశాక 4, 5, 6, 7 ఒకే ఊపులో. మూత షాట్ మొదటిసారి కుదరకపోతే మళ్ళీ మూసి మూడు నిమిషాలు మంట పెంచితే ఆవిరి నిండుతుంది.

క్యాప్షన్

"అంబాజీపేట వైపు వెళ్తే తినొచ్చేవి, ఇప్పుడు గాంధీనగర్‌లో. పనసాకు బుట్టలో ఉడికిన పొట్టిక్కలు, అల్లం పచ్చడి, కొబ్బరి చట్నీ, నెయ్యి. ఆదివారం మాత్రమే, 80 ప్లేట్లు అయ్యేదాకా. పార్శిల్ అయితే ఆకు విప్పకుండానే ఇస్తాం. ఇంటికెళ్ళి మీరే విప్పుకోండి. నెయ్యి వద్దంటే ఆర్డర్ చెప్పేటప్పుడే చెప్పండి."