ప్రతివాది దాఖలు చేసుకున్న రిటన్ స్టేట్‌మెంటు

అమలాపురం ప్రిన్సిపల్ జూనియర్ సివిల్ జడ్జి గారి కోర్టులో
ఒ.ఎస్. నం. 214/2025

వెంకటరావు, కొబ్బరికాయల వ్యాపారి, అంబాజీపేట … వాది
సత్తిబాబు, రైతు, బండారులంక, అమలాపురం మండలం … ప్రతివాది

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 8 రూల్ 1 కింద. సమన్లు అందినది 06-10-2025. దాఖలు 03-11-2025, 30 రోజుల గడువులోనే.

1. ప్రామిసరీ నోటు బాకీ కోసం వాది వేసిన దావాకు ఇది జవాబు. ఇందులో స్పష్టంగా ఒప్పుకున్నవి తప్ప ప్లెయింటులోని మిగతా ఆరోపణలను ప్రతివాది నిరాకరిస్తున్నాడు.

2. ప్లెయింటు పేరా 3: 16-06-2022న వాది దగ్గర రూ.1,20,000 తీసుకుని, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాసి ఇచ్చిన మాట నిజం.

3. ప్లెయింటు పేరా 4: అసలూ వడ్డీ ఏమీ ఇవ్వలేదనడం అబద్ధం. 2023, 2024 దింపుల్లో ప్రతివాది వాదికి 18,000 కాయలు తోలాడు. వెయ్యి రూ.8,000 చొప్పున రూ.1,44,000 వాది బాకీకి జమ కట్టుకున్నాడు. కాయల లెక్క చీట్లు వాది చేతిరాతలో ఉన్నాయి. 16-03-2024న మిగతా రూ.26,400 ఇద్దరు పెద్దమనుషుల ఎదుట నగదుగా ఇచ్చాడు. 21 నెలల వడ్డీ రూ.50,400తో సహా మొత్తం రూ.1,70,400 తీరింది. నోటు అడిగితే ఇంట్లో లేదని, వెతికి చించేస్తానని వాది నమ్మబలికాడు.

4. ప్లెయింటు పేరా 5: 10-06-2025న ప్రతివాది రూ.1,000 ఇచ్చి నోటు వెనక చెల్లు వేశాడన్నది పచ్చి అబద్ధం. ఆ రాతా, కింది సంతకమూ ప్రతివాదివి కావు. 08-06-2025 నుంచి 12-06-2025 వరకు అతను కాకినాడ ఆసుపత్రిలో ఇన్‌పేషెంటు. మూడేళ్లలో పైసా రాలలేదని పేరా 4లో చెప్పిన వాదికే, గడువు తీరే 6 రోజుల ముందు వెయ్యి రూపాయలు ఎలా ముట్టాయో ప్లెయింటు చెప్పదు. ఆ సంతకాన్ని నిపుణుడికి పంపమని వేరే పిటిషను వేస్తున్నాడు.

5. కాలపరిమితి: నోటు డిమాండు నోటు. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 35 ప్రకారం మూడేళ్ల గడువు 16-06-2025తో తీరింది. దావా వేసింది 08-09-2025న, అంటే 84 రోజులు ఆలస్యంగా. చెల్లింపు వల్ల గడువు పెరగాలంటే ఆ చట్టం సెక్షన్ 19కి బాకీదారు చేతిరాత గానీ సంతకం గానీ ఉన్న రాత కావాలి. పైన 3వ పేరాలో చెప్పిన కాయల చీట్లు వాది రాసినవే కాబట్టి అవి చెల్లింపుకు సాక్ష్యమే తప్ప గడువు పెంచవు. దావా కొట్టివేయదగినది.

6. ప్లెయింటు పేరా 6లోని రూ.2,11,960 లెక్క తప్పు. చెల్లింపుల్లో చెల్లుగా చూపిన రూ.1,000 తప్ప మరేదీ తగ్గించలేదు. ఒకవేళ బాకీ ఉందని తేల్చినా, ప్రతివాది వ్యవసాయమే జీవనాధారమైన రైతు. 1938 నాటి 4వ చట్టమైన వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం లబ్ధికి అర్హుడు.

7. ప్లెయింటు పేరా 7లోని వ్యాజ్య కారణం నిజం కాదు. కోర్టు పరిధిపై అభ్యంతరం లేదు.

కాబట్టి దావాను ఖర్చులతో కొట్టివేయమని ప్రార్థన.

జత పత్రాలు: కాయల లెక్క చీట్లు 9, ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ.

వెరిఫికేషన్: 2, 3, 4 పేరాలు, 6వ పేరాలో నా వ్యవసాయం సంగతి నాకు స్వయంగా తెలిసి నిజాలు, మిగతావి న్యాయ సలహా మీద నిజమని నమ్ముతున్నాను. అఫిడవిట్ జత చేశాను. అమలాపురం, 03-11-2025.

సం/- సత్తిబాబు, ప్రతివాది
సం/- ప్రతివాది తరఫు అడ్వకేటు